ఆరు ఊళ్ల కాలేజీ బస్సు: స్టాపుల వరుస ఎలా పెడితే ప్రయాణం తగ్గుతుంది?

చేవెళ్ల రోడ్ శ్రీను | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అప్పా జంక్షన్ దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ట్రాన్స్‌పోర్ట్ పని చూస్తాను. మొయినాబాద్, చేవెళ్ల మధ్య ఊళ్లకు తిరిగే ఒక బస్సు గురించి అడగాలి. ఊళ్ల పేర్లు రాయడం లేదు, మేం స్టాపులకు వాడుకునే పేర్లే రాస్తున్నాను.

బండి రాత్రి డ్రైవర్ ఊళ్లోనే ఆగుతుంది. పొద్దున అక్కడ బయలుదేరి చింతచెట్టు (12 మంది), పోచమ్మ గుడి (9), కోళ్ల ఫారం (4), పాల కేంద్రం (6), చెరువు కట్ట (3), హైవే క్రాస్ (8) దగ్గర పిల్లలను ఎక్కించుకొని కాలేజీకి వస్తుంది. మొత్తం 42 మంది. ఇప్పుడు తిరిగేది నేను రాసిన ఈ వరుసలోనే. పాల కేంద్రానికి, చెరువు కట్టకు మధ్య చెరువు ఉంది.

ఈ వరుస నేను ఎక్సెల్‌లో తీశాను. ప్రతి స్టాపు లొకేషన్ పెట్టి, రెండేసి స్టాపుల మధ్య దూరం లెక్కగట్టి, గంటకు 30 కిలోమీటర్ల చొప్పున నిమిషాలు వేసుకున్నాను. షీట్‌లో మొత్తం 37 నిమిషాలు వచ్చింది. స్టాపుల్లో ఆగే టైం తీసేసినా బండి 50 నిమిషాలు దాటుతోంది. నెల రోజులుగా అంతే. డ్రైవర్‌ను అడిగితే, తాను ఎక్కడా ఆపడం లేదంటున్నాడు. అతని మాట నమ్ముతున్నాను.

ఇంకొక సంగతి. పాల కేంద్రం దగ్గర పిల్లల్లో ఇద్దరు ముగ్గురు బండి మొదటిసారి వచ్చినప్పుడు ఎక్కడం లేదు. కట్ట వైపు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు ఎక్కుతున్నారు. దాదాపు 20 నిమిషాలు ఇంట్లోనే ఉండొచ్చు కదా సార్ అని ఒక అబ్బాయి నాతోనే అన్నాడు. దాంతో నా వరుస తప్పేమో అని అనుమానం వచ్చింది. ఎక్కడ తప్పిందో చెప్పగలరా?

---

రాజేశ్వరి, శంకర్‌పల్లి | సోమవారం, రాత్రి 9:40

మా ఊరికి కూడా పొద్దున ఏడున్నరకు ఒక బస్సు కావాలని ఏడాదిగా తిరుగుతున్నాం. స్టాపు పెట్టించాలంటే దరఖాస్తు డిపో మేనేజర్‌కు ఇవ్వాలా, పంచాయతీ తీర్మానం కూడా జతచేయాలా? మీకు తెలిస్తే చెప్పండి.

---

చేవెళ్ల రోడ్ శ్రీను | సోమవారం, రాత్రి 9:46

అక్కా, ఇది ఆర్టీసీ బస్సు కాదు, కాలేజీ సొంత బండి. మీ విషయం వేరే చర్చగా పెడితే తెలిసినవాళ్లు చూస్తారు.

---

నాగరాజు కోడ్ | సోమవారం, రాత్రి 10:05

అన్నా, నీ తప్పు దూరంలో ఉంది. ఎక్సెల్‌లో లొకేషన్ల నుంచి తీసింది గీత గీసినట్టు నేరుగా ఉండే దూరం. బస్సు రోడ్డు మీద పోతుంది కదా. పాల కేంద్రానికి, కట్టకు మధ్య చెరువు ఉందని నువ్వే చెప్తున్నావు. నేరుగా కిలోమీటరున్నర ఉంటే షీట్ 3 నిమిషాలు అంటుంది, బండేమో చెరువంతా చుట్టి పోవాలి.

ఓఎస్‌ఆర్‌ఎం అని ఓపెన్ మ్యాప్ మీద నడిచే ఉచిత సర్వర్ ఉంది. స్టాపులన్నీ ఒకేసారి ఇస్తే ఏ స్టాపు నుంచి ఏ స్టాపుకు ఎంతసేపో మొత్తం పట్టిక ఇస్తుంది. ఇలా అడగాలి:

```
http://router.project-osrm.org/table/v1/driving/78.13,17.31;78.29,17.33?annotations=duration
```

జవాబులో టైంలు నిమిషాల్లో కాదు, సెకన్ల లెక్కలో ఉంటాయి. ఆ టైంలు పెట్టి, ప్రతిసారి అన్నింటికంటే దగ్గర్లో ఉన్న స్టాపుకు పోతూ ఉండు. ఇది ట్రావెలింగ్ సేల్స్‌మన్ ప్రాబ్లమ్, అంటే అన్ని చోట్లకూ ఒక్కోసారి పోయే అతి తక్కువ దారి వెతకడం. దీనికి కచ్చితమైన జవాబు కంప్యూటర్ కూడా తీయలేదు, ఎన్పీ-హార్డ్ అనే కష్టమైన లెక్కల రకం. అందుకే దగ్గరి స్టాపు పద్ధతే అందరూ వాడతారు.

---

చేవెళ్ల రోడ్ శ్రీను | మంగళవారం, రాత్రి 8:30

నాగరాజు తమ్ముడూ, థాంక్స్. మొదట నేను అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత పెట్టాను. నిమిషాలు ఏ మాత్రం పొంతన లేకుండా వచ్చాయి. మ్యాప్‌లో చూస్తే ఆ బిందువులు ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉన్నాయి. తిప్పి పెట్టాక సరిగ్గా వచ్చాయి. ఎవరికైనా ఇలా జరిగితే ముందు అదే చూసుకోండి.

అది కార్ల వేగం కాబట్టి మా డ్రైవర్‌ను కూర్చోబెట్టుకొని ఒక్కో దారికి బస్సు నిమిషాలు సరిచేశాను. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకటే అనుకున్నాను. వరుస: 0 డ్రైవర్ ఊరు, 1 చింతచెట్టు, 2 పోచమ్మ గుడి, 3 కోళ్ల ఫారం, 4 పాల కేంద్రం, 5 చెరువు కట్ట, 6 హైవే క్రాస్, 7 కాలేజీ.

```python
T = [
 [ 0, 5, 9, 7,12, 7,16,24],
 [ 5, 0, 4, 6,10, 9,12,20],
 [ 9, 4, 0, 6, 8,11, 9,16],
 [ 7, 6, 6, 0, 5, 6, 9,17],
 [12,10, 8, 5, 0, 9, 5,12],
 [ 7, 9,11, 6, 9, 0,14,22],
 [16,12, 9, 9, 5,14, 0, 8],
 [24,20,16,17,12,22, 8, 0],
]
```

ఇప్పటి వరుసను ఈ టైంలతో కూడితే 5+4+6+5+9+14+8, మొత్తం 51. బండి నిజంగా తీసుకునే టైం ఇదే. అంటే డ్రైవర్ చెప్పింది నిజం.

కానీ నువ్వు చెప్పినట్టు దగ్గరి స్టాపు పద్ధతి చేస్తే చింతచెట్టు, గుడి, ఫారం, పాల కేంద్రం, హైవే క్రాస్, ఆ తర్వాత మళ్లీ వెనక్కి కట్టకు వచ్చి, అక్కడి నుంచి కాలేజీ. మొత్తం 61 నిమిషాలు! తప్పుడు దూరాలతో వేసిన రూటు కంటే సరైన దూరాలతో వేసిన రూటు పది నిమిషాలు ఎక్కువైంది. ఇదెలా?

---

విజయ ఓఆర్ | మంగళవారం, రాత్రి 9:55

శ్రీను గారూ, పట్టిక చాలా శుభ్రంగా ఇచ్చారు, చేతితోనే లెక్క చూపించొచ్చు. పదేళ్లుగా డెలివరీ వాహనాల రూట్ల మీదే పని చేస్తున్నాను, గచ్చిబౌలిలో.

మీ కోళ్ల ఫారం దగ్గర ఏం జరిగిందో చూడండి. అక్కడి నుంచి పాల కేంద్రం 5 నిమిషాలు, చెరువు కట్ట 6 నిమిషాలు. దగ్గరి స్టాపు పద్ధతి ఆ ఒక్క నిమిషం చూసి పాల కేంద్రానికి పోయింది. పాల కేంద్రం నుంచి హైవే క్రాస్ 5, కట్ట 9, కాబట్టి మళ్లీ కట్టను వదిలేసింది. ఒక నిమిషం మిగిలిందని వదిలిన స్టాపు కోసం చివర్లో 14 నిమిషాలు వెనక్కి వచ్చి, 22 నిమిషాలు కాలేజీకి పోవాలి. అడుగడుగునా లాభం చూసుకుంటూ పోయి, చివరి రెండు అడుగుల్లో అంతా కట్టేయడం ఈ పద్ధతికి ఎప్పుడూ ఉండే జబ్బు. అందుకే దీన్ని రూటు మొదలుపెట్టడానికే వాడతాం, అక్కడే ఆపం.

తర్వాత చేసేది టూ-ఆప్ట్. క్రోస్ అనే ఆయన 1958లో రాసిన పద్ధతి. రూటులో ఒక ముక్క తీసుకొని దాన్ని తిరగేసి పెడతాం. ముక్కకు ముందు, వెనక ఉన్న రెండు దారులు తెగి, కొత్తవి రెండు వస్తాయి. కొత్తవాటి మొత్తం తక్కువైతే ఉంచుకుంటాం, లేకపోతే లేదు.

మీ 61 రూటులో చివరి ముక్క "హైవే క్రాస్, కట్ట". తిరగేస్తే "కట్ట, హైవే క్రాస్". తెగినవి: పాల కేంద్రం నుంచి హైవే క్రాస్ 5, కట్ట నుంచి కాలేజీ 22, కలిపి 27. వచ్చినవి: పాల కేంద్రం నుంచి కట్ట 9, హైవే క్రాస్ నుంచి కాలేజీ 8, కలిపి 17. పది నిమిషాలు మిగిలాయి, 51. గమనించారా, ఇది మీరు ఇప్పుడు నడుపుతున్న రూటే.

ఇక్కడ ఆగకండి. ఇప్పుడు "పాల కేంద్రం, కట్ట" ముక్కను తిరగేయండి. తెగినవి: ఫారం నుంచి పాల కేంద్రం 5, కట్ట నుంచి హైవే క్రాస్ 14, కలిపి 19. వచ్చినవి: ఫారం నుంచి కట్ట 6, పాల కేంద్రం నుంచి హైవే క్రాస్ 5, కలిపి 11. ఎనిమిది నిమిషాలు మిగిలాయి.

చింతచెట్టు, గుడి, ఫారం, కట్ట, పాల కేంద్రం, హైవే క్రాస్, కాలేజీ: 5+4+6+6+9+5+8 = 43.

ఇక ఏ ముక్కను తిరగేసినా తగ్గడం లేదు, అన్నీ చూశాను.

మీ పాల కేంద్రం పిల్లలు చేస్తున్నది కూడా ఇదే. పట్టికలో కట్ట నుంచి హైవే క్రాస్ 14, అంటే సరిగ్గా 9+5. బండి పాల కేంద్రం మీదుగానే వెనక్కి వస్తోంది. ఒక స్టాపు ముందు నుంచి బండి రెండుసార్లు పోతుంటే వరుసను ఒకసారి చూసుకోవాలి. కొన్నిసార్లు వేరే దారి ఉండదు, కానీ చాలాసార్లు ఆ స్టాపు స్థానం మార్చాల్సి ఉంటుంది. పిల్లలు కట్ట తర్వాత ఎక్కుతూ ఆ మార్పులో సగం వాళ్లే చేసేశారు. బండి కూడా ఫారం నుంచి నేరుగా కట్టకు పోతే మిగతా సగం పూర్తవుతుంది.

---

నాగరాజు కోడ్ | మంగళవారం, రాత్రి 11:20

మేడం, నిజమే, నేను అక్కడే ఆపేశాను. టూ-ఆప్ట్ కోడ్ రాశాను. మొదట ఉన్న డ్రైవర్ ఊరు, చివర ఉన్న కాలేజీ కదలవు.

```python
def cost(r):
    return sum(T[a][b] for a, b in zip(r, r[1:]))

def two_opt(r):
    better = True
    while better:
        better = False
        for i in range(1, len(r) - 2):
            for j in range(i + 1, len(r) - 1):
                n = r[:i] + r[i:j+1][::-1] + r[j+1:]
                if cost(n) < cost(r) - 1e-9:
                    r, better = n, True
    return r

print(two_opt([0, 1, 2, 3, 4, 6, 5, 7]))
```

61 రూటు ఇస్తే మధ్యలో మీరు చెప్పిన మెట్లు కాకుండా వేరే దారిలో తిరిగి, చివరికి అదే 43కు వచ్చింది. ప్రతిసారి మొత్తం కూడడం వృథా కదా, తెగిన రెండు, వచ్చిన రెండు మాత్రమే చూస్తే వేగంగా పోతుంది. అలా మార్చి పెట్టనా?

---

విజయ ఓఆర్ | బుధవారం, ఉదయం 7:15

వద్దు, ఈ బస్సుకు అలాగే ఉంచండి. ముక్కను తిరగేస్తే లోపలి దారులు కూడా ఎదురు దిశలో నడుస్తాయి. పోయే టైం, వచ్చే టైం ఒకటే అయితే లోపల ఏమీ మారదు, అప్పుడు నాలుగు అంకెలు చూస్తే చాలు. నేను చేతితో చేసింది అందుకే కుదిరింది. కానీ బీజాపూర్ రోడ్డు వెడల్పు పని తర్వాత డివైడర్ వచ్చిన చోట పోయే టైం ఒకటి, వచ్చే టైం ఒకటి అవుతుంది. అప్పుడు నాలుగు అంకెల లెక్క తగ్గింది అంటుంది, నిజానికి మొత్తం పెరిగి ఉండొచ్చు. ఇలాంటి కోడ్ ఒక్కోసారి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, రెండు మూడు రూట్ల మధ్య. ఎక్కడైనా అలా కనిపిస్తే ప్రతి మార్పు తర్వాత మొత్తం కూడి పక్కన ప్రింట్ చేయండి. తగ్గింది అన్న తర్వాత కూడా అంకె పెరిగితే తప్పు అక్కడే.

ఇంకొకటి, సోమవారం మీరన్న మాట. కచ్చితమైన జవాబు కంప్యూటర్ తీయలేదన్నది సరికాదు. ఎన్ని స్టాపులైనా సరే వేగంగా తీసే పద్ధతి ఎవరికీ తెలియదు, అంతే. 1954లోనే అమెరికాలో 49 నగరాలకు కచ్చితమైన జవాబు తీశారు, డాంట్‌జిగ్, ఫుల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు. శ్రీను గారి ఆరు స్టాపులకు ఉన్నవి 720 వరుసలే. అన్నీ చూసేయొచ్చు.

---

పాలవ్యాన్ యాదగిరి | బుధవారం, ఉదయం 8:02

మాది షాద్‌నగర్ వైపు పాల సేకరణ. పొద్దున 17 ఊళ్లు. మేమూ ఇట్లనే తిరుగుతం, కానీ మా బండి ఎక్కడ మొదలైతదో అక్కడికే వస్తది, చిల్లింగ్ సెంటర్‌కు. మరి 17 ఊళ్లకు కూడా అన్ని వరుసలు చూడొచ్చా? మా బండికి ఇంకో కష్టం, ఆరున్నర దాటితే రెండు ఊళ్లల్ల రైతులు పాలు ప్రైవేటు వాళ్లకు పోసేస్తరు. అది లెక్కలో పెట్టొచ్చా?

---

విజయ ఓఆర్ | బుధవారం, ఉదయం 8:40

యాదగిరి అన్నా, 17 ఊళ్లకు వరుసలు మూడున్నర కోట్ల కోట్లు. సెకనుకు కోటి చూసినా ఏడాది దాటుతుంది. ఒక్కొక్కటిగా చూడలేం. కానీ హెల్డ్, కార్ప్ 1962లో చెప్పిన పద్ధతి ఒకటుంది. ఏయే ఊళ్లు అయిపోయాయి, చివరగా ఏ ఊళ్లో ఉన్నాం అనే రెండే గుర్తుపెట్టుకుంటుంది, ఏ వరుసలో వచ్చామో మరిచిపోతుంది. దాంతో పని దాదాపు నాలుగు కోట్ల చిన్న లెక్కలకు దిగుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంకో పది ఊళ్లు కలిపితే మాత్రం దానికి మెమరీ చాలదు. అప్పుడు టూ-ఆప్ట్‌నే రెండు వందల రకాల మొదటి వరుసలతో నడిపి, ఎక్కువసార్లు ఒకటే మంచి రూటు వస్తోందా అని చూస్తాం.

ఆరున్నర గడువు ఉన్న రెండు ఊళ్ల సంగతి వేరు. ఆ గడువు దాటిన వరుసను టూ-ఆప్ట్ ఎంత తక్కువైనా ఒప్పుకోకూడదు. దానికి మీ నిమిషాలు, ఒక్కో ఊళ్లో పాలు కొలిచే టైం కావాలి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూద్దాం.

---

రిటైర్డ్ కంట్రోలర్ | బుధవారం, మధ్యాహ్నం 1:30

డిపోలో చాలా ఏళ్లు చేశాను. శ్రీను బాబూ, లెక్క బాగుంది, కానీ మీరంతా బండి నిమిషాలే చూస్తున్నారు. బండికి ఎనిమిది నిమిషాలు మిగలడం సరే. లోపల కూర్చున్న పిల్లకు ఎంత మిగిలింది? చింతచెట్టు దగ్గర 12 మంది ఉన్నారు. వాళ్లను అందరికంటే ముందు ఎక్కించుకొని ఊళ్లన్నీ తిప్పుతున్నారు. కట్ట దగ్గర ముగ్గురే. మేం షెడ్యూలు వేసేటప్పుడు బరువు ఎక్కడుందో ముందు చూసేవాళ్లం, ఎక్కువ మంది ఎక్కే ఊరు వీలైనంత చివర్లో రావాలి.

ఇంకొక మాట. రెండు ఊళ్ల మధ్య దారి ఉన్నంత మాత్రాన బస్సు పోతుందని కాదు. ఊళ్లో బండి తిప్పుకునే జాగా ఉందా, కరెంటు తీగలు తగులుతాయా చూసుకోవాలి. ఫారం నుంచి కట్టకు 6 నిమిషాల దారి మీద డ్రైవర్ ఎప్పుడైనా పెద్ద బండి తీసుకెళ్లాడా?

---

చేవెళ్ల రోడ్ శ్రీను | బుధవారం, సాయంత్రం 6:10

సార్, అడిగాను. ఆ దారిలో ఒక కల్వర్టు ఉంది, వరి లారీలు పోతున్నాయి కాబట్టి బస్సుకు ఇబ్బంది లేదన్నాడు. కట్ట దగ్గర హనుమాన్ గుడి ముందు తిప్పుకోవచ్చు. రేపు ఖాళీ బండితో ఒకసారి పోయి చూస్తాను.

పిల్లల నిమిషాలు నేను అసలు లెక్కపెట్టలేదు. ఎలా లెక్కపెట్టాలి?

---

విజయ ఓఆర్ | బుధవారం, రాత్రి 9:05

కంట్రోలర్ గారు అసలు ప్రశ్నకే వచ్చారు. నేను బండి మొత్తం దగ్గరే ఆగిపోయాను. ప్రతి స్టాపు నుంచి కాలేజీకి ఎన్ని నిమిషాలో తీసి, అక్కడ ఎక్కే పిల్లల సంఖ్యతో గుణించి కూడదాం.

ఇప్పటి 51 రూటులో చింతచెట్టు పిల్లలు 46 నిమిషాలు కూర్చుంటున్నారు, 12 మంది కాబట్టి 552. గుడి 42 చొప్పున 378, ఫారం 144, పాల కేంద్రం 186, కట్ట 66, హైవే క్రాస్ 64. మొత్తం 1390. అంటే సగటున ఒక్కొక్కరు 33 నిమిషాలు.

43 రూటులో ఇలాగే తీస్తే 1082, సగటు 26 లోపు. మంచిదే. కానీ ఇది చూడండి:

డ్రైవర్ ఊరు, కట్ట, చింతచెట్టు, గుడి, ఫారం, పాల కేంద్రం, హైవే క్రాస్, కాలేజీ: 7+9+4+6+5+5+8 = 44.

బండికి ఒక్క నిమిషం ఎక్కువ. పిల్లల నిమిషాలు మాత్రం 877. చింతచెట్టు పన్నెండుగురు 38 నిమిషాల నుంచి 28కి దిగారు, గుడి తొమ్మిదిమంది 34 నుంచి 24కి. సగటు 21. అందరికంటే ఎక్కువసేపు కూర్చునేవాళ్ల టైం కూడా 38 నుంచి 37కు తగ్గింది. బండి మొత్తాన్నే తగ్గించే టూ-ఆప్ట్ 43 రూటు చేతిలో ఉండగా ఈ రూటుకు మారదు, 44 కంటే 43 తక్కువ కాబట్టి. కోడ్‌లో `cost` అన్న చోట పిల్లల నిమిషాలు పెట్టాలి, మిగతాది అలాగే ఉంటుంది.

స్టాపుల్లో ఆగే టైం గురించి కూడా చెప్పాలి. బండి మొత్తానికి అది ఏ వరుసలోనైనా ఒకటే, అందుకే ఇప్పటిదాకా వదిలేశాం. పిల్లల నిమిషాల్లో మాత్రం ముందు ఎక్కినవాళ్లు తర్వాతి స్టాపుల్లో ఆగడాన్నీ భరిస్తారు. పట్టిక మార్చేటప్పుడు ఒక్కో స్టాపుకు ఒక నిమిషం కలపండి.

---

గణితం అనూష | బుధవారం, రాత్రి 11:48

నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. ఇందాక విజయ గారు 720 అన్నారు కదా, కూర్చొని అన్నీ నడిపించాను. బండి నిమిషాలకు 43 కంటే తక్కువ ఏదీ లేదు. అంటే టూ-ఆప్ట్ ఈసారి అసలైన జవాబుకే చేరింది. దాన్ని ముందే చెప్పగలిగేవాళ్లం కాదు. ముక్కలు తిరగేసి తగ్గడం ఆగిపోయిందంటే ఆ ఒక్క రకం మార్పుతో ఇంక తగ్గదని మాత్రమే అర్థం.

పిల్లల నిమిషాలకు మాత్రం 877 కంటే ఇంకొకటి తక్కువ ఉంది: కట్ట, ఫారం, చింతచెట్టు, గుడి, పాల కేంద్రం, హైవే క్రాస్. 7+6+6+4+8+5+8, బండికి ఇదీ 44. పిల్లలకు 866.

---

విజయ ఓఆర్ | గురువారం, ఉదయం 7:30

అవును అనూష గారూ, అది నాకు తట్టలేదు. కానీ 42 మంది మీద 11 నిమిషాల తేడా అంటే ఒక్కొక్కరికి పావు నిమిషం. మన పట్టికలోని నిమిషాలు డ్రైవర్ నోటి లెక్క, ఒక్కో దారిలో నిమిషం అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి 877, 866 రెండూ సమానమనే అనుకుందాం. వాటిలో ఏది ఎంచుకోవాలో దారి బాగుందా, గుంతలు ఉన్నాయా అన్నదే చెప్పాలి. 1082కు, 877కు మధ్య ఉన్నది మాత్రం అలాంటి తేడా కాదు.

---

చేవెళ్ల రోడ్ శ్రీను | శుక్రవారం, రాత్రి 9:20

నిన్న ఖాళీ బండితో దారి చూశాం, ఈ రోజు విజయ మేడం చెప్పిన 44 రూటు నడిపాం. నేను డ్రైవర్ పక్కన కూర్చొని ప్రతి స్టాపు టైం పుస్తకంలో రాశాను. ఆగే టైం తీసేస్తే 46 నిమిషాలు పట్టింది. కట్ట నుంచి చింతచెట్టుకు 9 అనుకున్నది 11 అయింది, అక్కడ పొద్దున గొర్రెలు రోడ్డు మీదే ఉంటాయి. మిగతావి సరిపోయాయి. చింతచెట్టు దగ్గర ఒక అమ్మాయి బండి తప్పిపోయిందనుకుని ఏడుస్తూ నిలబడి ఉంది, ముందు రోజే చెప్పినా ఆమెకు మెసేజ్ చేరలేదు. ఇకనుంచి రూటు మారిస్తే ప్రతి ఇంటికి ఫోన్ చేశాకే మారుస్తాను.

కానీ ఒక చిక్కు వచ్చింది. కట్ట దగ్గర ముగ్గురూ ఆడపిల్లలే. ఇప్పటివరకు 22 నిమిషాల్లో కాలేజీకి వచ్చేవాళ్లు, ఇప్పుడు 37 అంటున్నాం, ఈ రోజు 39 అయింది. పావుగంట ముందు బయలుదేరాలి. చలికాలంలో ఆ టైంకు ఇంకా చీకటిగానే ఉంటుంది, కట్ట మీద లైట్లు లేవు. ఒకమ్మాయి తండ్రి ఫోన్ చేసి, ఇరవై ఒక్క మందికి పది నిమిషాలు మిగలాలని మా పిల్లను చీకట్లో నిలబెడతారా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

---

రిటైర్డ్ కంట్రోలర్ | శుక్రవారం, రాత్రి 10:00

ఆ తండ్రి అడిగింది న్యాయమే. చలికాలం మూడు నెలలు 43 రూటు నడపండి, కట్ట పిల్లలకు పాత టైమే ఉంటుంది. మిగతా నెలలు 44. రెండు టైంటేబుళ్లు పెట్టడం కొత్తేమీ కాదు.

---

గణితం అనూష | శుక్రవారం, రాత్రి 10:25

నేను ఒప్పుకోను సార్. ఏడాదికి రెండుసార్లు మారిస్తే పిల్లలు తప్పిపోతారు, ఈ రోజు ఒకమ్మాయికి జరిగింది చూశాం కదా. అంతకంటే కట్ట స్టాపును ఊరి లోపలికి, లైటున్న చోటికి జరిపితే ఎన్ని నిమిషాలు పెరుగుతుందో కనుక్కోండి. రెండు నిమిషాలలోపు అయితే 44 రూటే మేలు.

---

విజయ ఓఆర్ | శుక్రవారం, రాత్రి 10:50

దీన్ని కోడ్ తేల్చలేదు. "ఎవరూ చీకట్లో ఎక్కకూడదు" అన్నది మీకు తప్పనిసరి అయితే, ఆ వరుసలను ముందే తీసేసి మిగతావాటిలో వెతకమని చెప్పొచ్చు. కానీ దాన్ని తప్పనిసరి చేయాలా వద్దా అన్నది మీరు, తల్లిదండ్రులు కూర్చొని తేల్చాలి.

శ్రీను గారూ, సాయంత్రం ట్రిప్పు సంగతి చూశారా? పొద్దున రూటునే తిరగేసి నడుపుతుంటే హైవే క్రాస్ నుంచి పాల కేంద్రం వైపు తిరగడానికి డివైడర్ అడ్డొస్తుందా?

---

చేవెళ్ల రోడ్ శ్రీను | శనివారం, మధ్యాహ్నం 2:15

అడ్డొస్తుంది మేడం. ముందుకు పోయి యూటర్న్ తీసుకోవాలి, 5 నిమిషాలు 9 అవుతోంది. హైవే క్రాస్ పిల్లలు కూడా సాయంత్రం అవతలి వైపు దిగి రోడ్డు దాటుతున్నారు, అది నాకు ఎక్కువ భయంగా ఉంది. సోమవారం నుంచి సాయంత్రం టైంలు వేరేగా రాసుకుంటాను, రెండు దిశలూ విడివిడిగా. ఊళ్లో లైటున్న చోటు, రేషన్ షాపు ముందు, అక్కడికి ఎంత పడుతుందో కూడా చూస్తాను. ఆ పట్టిక ఇక్కడే పెడతాను.

నాగరాజు తమ్ముడూ, `cost` పిల్లల నిమిషాలకు మార్చి పెట్టగలవా? సంఖ్యలు 12, 9, 4, 6, 3, 8, ఒక్కో స్టాపుకు ఒక నిమిషం ఆగడం.

---

నాగరాజు కోడ్ | శనివారం, మధ్యాహ్నం 3:40

ఇదిగో అన్నా. కాలేజీ వైపు నుంచి వెనక్కి కూడుతూ వస్తుంది. పొద్దున ట్రిప్పుకు మాత్రమే. సాయంత్రం పిల్లలు దిగుతారు కాబట్టి ముందు నుంచి కూడాలి, నీ పట్టిక వచ్చాక అదీ రాస్తాను.

```python
W = [0, 12, 9, 4, 6, 3, 8, 0]

def cost(r):
    left, total = 0, 0
    for a, b in reversed(list(zip(r, r[1:]))):
        left += T[a][b]
        total += W[a] * left
        left += 1 if W[a] else 0
    return total
```